కిలోమీటరుకు మూడున్నర: బ్యాటరీ అద్దె లెక్క

2024 సెప్టెంబరులో జేఎస్‌డబ్ల్యూ ఎంజీ మోటార్ కంపెనీ విండ్సర్ అనే ఎలక్ట్రిక్ కారును మార్కెట్లోకి తెచ్చింది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించిన ధర 9.99 లక్షలు. అంత పెద్ద ఎలక్ట్రిక్ కారు పది లక్షల లోపు దొరుకుతుందంటే ఎవరైనా ఆగి చూస్తారు. ఆ అంకె కిందే చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: బ్యాటరీ అద్దె అదనం, కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. కొద్ది రోజుల తర్వాత అదే కారుకు బ్యాటరీతో కలిపి ధర ప్రకటించారు. షోరూమ్ ధర 13.50 లక్షలు.

ఆ తర్వాత ధరలు మారాయి, పెద్ద బ్యాటరీ మోడళ్లు వచ్చాయి, మిగతా కంపెనీలూ ఈ దారి పట్టాయి. హీరో కంపెనీ 2025 జులైలో విడా వీఎక్స్2 స్కూటర్‌ను ఇదే పద్ధతిలో, కిలోమీటరుకు 96 పైసల అద్దెతో తెచ్చింది. అయినా లెక్క అర్థం చేసుకోవడానికి విండ్సర్ తొలి ధరలే తేలిక. అంకెలు గుండ్రంగా ఉన్నాయి, రెండు ధరలూ పక్కపక్కనే ఉన్నాయి. అద్దె పథకం ఏదైనా సరే, ఇదే తీరున విప్పి చూసుకోవచ్చు.

మన దేశంలో దీనికి తలుపు తెరిచింది 2020 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు పంపిన సూచన. బ్యాటరీ లేకుండా కూడా ఎలక్ట్రిక్ బండ్లను అమ్మవచ్చు, రిజిస్టర్ చేయవచ్చు అన్నది దాని సారాంశం. బండి ఖరీదులో 30 నుంచి 40 శాతం బ్యాటరీదే కాబట్టి, దాన్ని తీసేస్తే మొదటి రోజు కట్టాల్సిన డబ్బు బాగా తగ్గుతుందన్నది ఆలోచన. తగ్గుతుంది కూడా. కానీ ఆ డబ్బు ఎక్కడికీ పోదు. ఒక ఫైనాన్స్ సంస్థ బ్యాటరీ ఖరీదు కంపెనీకి కట్టేస్తుంది, ఆ మొత్తాన్ని కిలోమీటర్ల లెక్కన మన దగ్గర వసూలు చేసుకుంటుంది. పేరు అద్దె అయినా నడక అప్పుదే. వాయిదా మాత్రం నెలకు ఇంత అని కాకుండా చక్రం తిరిగిన దూరానికి ఇంత అని ఉంటుంది.

ఇప్పుడు ఆ అప్పు ఎంతో చూద్దాం. 13.50 లక్షల్లోంచి 9.99 తీసేస్తే 3.51 లక్షలు. దాన్ని మూడున్నరతో భాగిస్తే దాదాపు లక్ష కిలోమీటర్లు. అంటే బండి లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి మనం కట్టిన అద్దె బ్యాటరీ ధరకు సమానమవుతుంది. ఆ తర్వాత తిరిగే ప్రతి కిలోమీటరుకూ కట్టేది ధర మీద అదనమే.

అప్పటికి ఆ బ్యాటరీ ఎంత అరిగి ఉంటుంది? విండ్సర్ తొలి మోడల్లోది 38 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. ఇళ్లలో కరెంటు మీటరు చూపించే యూనిట్లలోనే చెప్పాలంటే నిండితే 38 యూనిట్లు పట్టే బ్యాటరీ. కంపెనీ 332 కిలోమీటర్లు అంటుంది గానీ మన ఎండల్లో, ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో తిరిగితే 250 అనుకోవడం న్యాయం. లక్ష కిలోమీటర్లకు 250 చొప్పున 400 సార్లు నిండా చార్జ్ చేసినట్టు. ఈ కారులో వాడింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఈ రకం సెల్స్ మామూలుగా రెండు వేల సార్లకు పైగా నిండి, ఖాళీ అయ్యాకే వాటి సామర్థ్యం ఐదింట ఒక వంతు తగ్గుతుంది. కాలం గడిచే కొద్దీ, వేడికి, వాడినా వాడకపోయినా కొంత తరుగు ఉంటుంది నిజమే. అది లెక్కలోకి తీసుకున్నా, ధర మొత్తం అద్దె రూపంలో కట్టేసిన రోజుకు బ్యాటరీ ఆయుష్షులో ఎక్కువ భాగం ఇంకా మిగిలే ఉంటుంది. కొనుక్కున్నవాడికి ఆ మిగులు సొంతం. అద్దెకు తీసుకున్నవాడికి కాదు. ఈ రెండు పద్ధతులకూ మధ్య అసలు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ప్రకటనల్లో దీని ఊసే ఉండదు.

ఇక రెండో సంగతి, నెలకు కనీస దూరం. విండ్సర్ పథకంలో ఫైనాన్స్ సంస్థలు పెట్టిన ముఖ్యమైన షరతు నెలకు 1,500 కిలోమీటర్లు. అంతకంటే తక్కువ తిరిగినా ఆ దూరానికి అద్దె కట్టాల్సిందే, అంటే నెలకు 5,250 రూపాయలు. ఈ ఒక్క షరతుతో లెక్క మనిషికో రకంగా మారిపోతుంది. ముగ్గురిని ఊహించుకుందాం.

గుంటూరులో ఒక టీచరు గారు. బడికి రానుపోను పాతిక కిలోమీటర్లు, ఆదివారాలు అటూ ఇటూ కలిపితే నెలకు 800 కిలోమీటర్లు. ఆయన కట్టేది 5,250. తిరిగిన దూరానికి పంచితే కిలోమీటరుకు ఆరున్నర రూపాయలు. దీనికి కరెంటు ఖర్చు కలపాలి. చార్జింగ్‌లో పోయే కరెంటుతో సహా కిలోమీటరుకు 0.16 యూనిట్, యూనిట్‌కు 8 రూపాయలు అనుకుంటే రూపాయి పావలా పైన. మొత్తం 7.80. అదే సైజు పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 108 రూపాయల లెక్కన కిలోమీటరుకు 7.20. పెట్రోలు ఖర్చు తప్పుతుందని ఎలక్ట్రిక్ కారు తీసుకున్న మనిషి పెట్రోలు కంటే ఎక్కువ కడుతున్నాడన్నమాట. బ్యాటరీ కొనుక్కుని ఉంటే ఆయనకు రోజువారీ ఖర్చు ఆ రూపాయి పావలాయే.

రెండో మనిషి మియాపూర్ నుంచి ఉప్పల్ దాకా రోజూ ఆఫీసుకు వెళ్లే ఉద్యోగి. వారాంతాలతో కలిపి సరిగ్గా 1,500 కిలోమీటర్లు అనుకుందాం. పథకం తయారుచేసిన వాళ్ల మనసులో ఉన్న వినియోగదారుడు ఈయనే. నెలకు 5,250 కడతాడు. అదే 3.51 లక్షలను బ్యాంకులో 9 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పుగా తీసుకుని బ్యాటరీ కొనుక్కుంటే వాయిదా నెలకు 7,300 దాకా వస్తుంది. నెలకు రెండు వేలు మిగులుతున్నాయి కదా అనిపిస్తుంది. ఐదేళ్లకు అద్దె మొత్తం 3.15 లక్షలు, బ్యాంకు వాయిదాలు 4.37 లక్షలు. తేడా 1.22 లక్షలు. అయితే ఐదో ఏడు చివర బ్యాంకు అప్పు తీరిపోయి 90 వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన బ్యాటరీ సొంతమవుతుంది. అద్దె మాత్రం ఆ మర్నాడు కూడా నడుస్తూనే ఉంటుంది. ఎనిమిదేళ్లు ఇలాగే కడితే 5.04 లక్షలు. ఆ చివర బ్యాటరీ మనకు ఇచ్చేస్తారనుకున్నా, 3.51 లక్షల అప్పుకు తొమ్మిదిన్నర శాతం వడ్డీ కట్టినట్టు. ఇవ్వకపోతే ఇంకా ఎక్కువ. కాబట్టి ఈయన విషయంలో అద్దె మరీ దోపిడీ కాదు, మరీ లాభమూ కాదు. చేతిలో డబ్బు లేకపోవడం, బ్యాంకు అంత అప్పు ఇవ్వకపోవడం, నాలుగేళ్లలో కారు మార్చేద్దామనుకోవడం లాంటి కారణం ఒకటి ఉంటే అద్దెకు అర్థం ఉంది.

మూడో మనిషి కాంట్రాక్టరు. విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య వారం వారం తిరుగుతాడు, సైట్లు చూసుకుంటాడు, నెలకు 3,000 కిలోమీటర్లు. అద్దె 10,500. బ్యాటరీ ధరకు సమానమైన సొమ్ము రెండేళ్ల పది నెలల్లోపే కట్టేస్తాడు. ఐదేళ్లలో 6.30 లక్షలు. బ్యాంకు అప్పుతో కొంటే వడ్డీతో కలిపి అయ్యేది 4.37 లక్షలే. ఎక్కువ తిరిగేవాళ్లకు ఎలక్ట్రిక్ బండి లాభమని అందరం చెప్పుకుంటాం, అది నిజం కూడా. కానీ ఆ లాభంలో పెద్ద వాటాను కిలోమీటరు అద్దె పట్టుకుపోతుంది.

తక్కువ తిరిగేవాడికి కనీస దూరం షరతు దెబ్బ, ఎక్కువ తిరిగేవాడికి కిలోమీటరు రేటు దెబ్బ. అందుకే షోరూమ్‌కు వెళ్లే ముందు ఇప్పుడున్న బండి మీటరును ఈ నెల ఒకటో తారీఖున ఒకసారి, వచ్చే నెల ఒకటిన ఒకసారి రాసుకోండి. నోటి లెక్కలు ఎప్పుడూ ఎక్కువే చెబుతాయి. రేటు అడిగేటప్పుడు జీఎస్టీ అందులో కలిసి ఉందా అనీ అడగండి. బ్యాటరీతో కలిపి కొన్న ఎలక్ట్రిక్ బండికి జీఎస్టీ 5 శాతమే. అద్దె మీద 18 శాతం విడిగా పడితే మూడున్నర కాస్తా 4.13 అవుతుంది. పై లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది.

"మరి బ్యాటరీ పాడైతే వాళ్లే చూసుకుంటారు కదండీ" అన్నది అద్దె తరఫున వినిపించే పెద్ద వాదన. ఒకప్పుడు ఇది చాలా బలమైన వాదన. ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ 2012 చివర జోయీ అనే చిన్న ఎలక్ట్రిక్ కారును బ్యాటరీ అద్దె పద్ధతిలోనే అమ్మింది. ఆ బ్యాటరీలు ఎన్నేళ్లు మన్నుతాయో అప్పట్లో ఎవరికీ అనుభవం లేదు. సామర్థ్యం 75 శాతం కంటే పడిపోతే మార్చి ఇస్తామన్న హామీ కొనేవాళ్లకు పెద్ద ధైర్యం. ఇప్పుడు పరిస్థితి వేరు. కార్ల కంపెనీలు బ్యాటరీ మీద ఎనిమిదేళ్లు, 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇవ్వడం మామూలైపోయింది. విండ్సర్ విషయంలోనైతే తొలి యజమానికి బ్యాటరీపై జీవితకాల వారంటీ ప్రకటించారు. కొనుక్కున్నవాడికే కంపెనీ ఆ భరోసా ఇస్తున్నప్పుడు, అదే భరోసా కోసం అద్దె కట్టడంలో అర్థమేముంది? కాబట్టి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి వారంటీ పత్రం, రెండోది అద్దె ఒప్పందం. రెండోది ఇచ్చే రక్షణ మొదటిదాని కంటే ఎక్కువగా ఉంటేనే ఆ వాదన నిలుస్తుంది.

అది నిజంగా నిలిచే చోటు ఒకటుంది. చైనాలో నియో కంపెనీ 2020 ఆగస్టులో బ్యాటరీ అద్దె మొదలుపెట్టింది. అప్పట్లో కారు ధరలో 70 వేల యువాన్లు తగ్గించారు, నెలకు 980 యువాన్ల అద్దె పెట్టారు. ఇక్కడ బ్యాటరీ కారుకు కట్టుబడి ఉండదు. స్టేషన్‌లోకి కారు వెళ్తే కొద్ది నిమిషాల్లో కింద నుంచి ఖాళీ బ్యాటరీ తీసి నిండుది బిగిస్తారు. ఈ రోజు కారులో ఉన్న బ్యాటరీ రేపు ఇంకొకరి కారులో ఉంటుంది. అలాంటప్పుడు "నా బ్యాటరీ" అన్నమాటకు పెద్దగా అర్థం ఉండదు, అద్దె పద్ధతి సహజంగా కుదురుతుంది. పైగా ఆ అద్దెతో మనిషికి దొరికేది బ్యాటరీ ఒక్కటే కాదు, గంటల తరబడి చార్జింగ్ కోసం కాచుకునే పని తప్పుతుంది. 2024 మార్చిలో చిన్న బ్యాటరీ అద్దెను 728 యువాన్లకు తగ్గించారు. ఆ లెక్కన తగ్గించిన 70 వేలు అద్దెగా తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. మన విండ్సర్ ఉదాహరణలో కనీస అద్దెతోనే ఐదేళ్ల ఏడు నెలలకు వచ్చేస్తుంది.

మన దగ్గర ఈ మార్పిడి పద్ధతి ఎక్కువగా నడుస్తున్నది ఈ-ఆటోలు, డెలివరీ స్కూటర్లలో. రోజంతా రోడ్డు మీద ఉండే ఆటో డ్రైవరుకు ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకునే చోటు ఉండకపోవచ్చు, బండి మూడు గంటలు ఆగితే మూడు గంటల కిరాయి పోతుంది. అలాంటి మనిషికి అద్దె బ్యాటరీ మంచి బేరం, అందులో నాకు సందేహం లేదు. కానీ కారులోనే బిగించి ఉండి, మనమే ఇంట్లో చార్జ్ చేసుకుని, ఎప్పటికీ మారని బ్యాటరీకి అద్దె కట్టడం వేరే సంగతి. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నారు కాబట్టి జనం ఒకటే అనుకుంటున్నారు.

ఇక కారు అమ్మాల్సి వస్తే? ఐరోపాలో జోయీ కార్ల అనుభవం ఇక్కడ మనకు పనికొస్తుంది. అద్దె బ్యాటరీ ఉన్న పాత జోయీని కొనాలంటే కొనేవాడు అద్దె ఒప్పందాన్ని కూడా తన పేరు మీదికి మార్చుకోవాలి. అద్దె స్థలంలో కట్టిన ఇల్లు కొన్నట్టు, కొన్నాక కూడా ఇంకొకరికి నెల నెలా కడుతూ ఉండాలి. అందుకని బేరగాళ్లు వెనకాడేవారు. కొందరు యజమానులు ముందు బ్యాటరీని కొనేసుకుని ఆ తర్వాతే కారు అమ్ముకున్నారు. చివరికి రెనో కొత్త కార్లకు అద్దె పద్ధతి మానేసి, బ్యాటరీతో కలిపే అమ్మడం మొదలుపెట్టింది.

ఆ కార్ల మీదే జర్మనీలో ఒక వ్యాజ్యం నడిచింది. బ్యాటరీలను అద్దెకిచ్చిన ఫ్రెంచి బ్యాంకు ఒప్పందంలో ఒక షరతు ఉంది. అద్దె కట్టలేదనో మరో కారణంతోనో ఒప్పందం రద్దు చేస్తే, ముందుగా తెలియజేసి, దూరం నుంచే బ్యాటరీ చార్జ్ కాకుండా ఆపేయవచ్చు. వినియోగదారుల సంఘం కోర్టుకు వెళ్లింది. 2022 అక్టోబరులో ఆ దేశ అత్యున్నత సివిల్ కోర్టు ఆ షరతు చెల్లదని తీర్పు ఇచ్చింది. బ్యాటరీ ఒక్కటే అద్దెది, కారు మాత్రం మనిషిదే; బ్యాటరీని ఆపేస్తే అతని సొంత కారు మొత్తం మూలన పడుతుంది, వేరే బ్యాటరీ తెచ్చి పెట్టుకోవడమూ కుదరదు; వివాదం ఉంటే అద్దెకిచ్చినవాడే కోర్టుకు రావాలి గానీ, కారు కదలకుండా చేసి అద్దెదారును కోర్టుకు తరమకూడదు అన్నది దాని సారాంశం. ఆ తీర్పు మన కోర్టులకు వర్తించదు. కానీ ఒప్పందంలో అలాంటి షరతు ఉందేమో వెతకాలని మాత్రం నేర్పుతుంది. ఇప్పటి ఎలక్ట్రిక్ బండ్లలో చాలావరకు నెట్‌తో ముడిపడినవే. కిలోమీటర్ల లెక్క కంపెనీకి చేరేది కూడా ఆ దారినే.

మన ఒప్పందాల్లో చూడాల్సిన వాక్యాలు ఎక్కువేమీ లేవు. మధ్యలో బ్యాటరీని కొనేసుకోవాలంటే ఎంత కట్టాలి, ఆ మొత్తం ఏ ఏడాది ఎంతో పట్టికగా ఇచ్చారా, కట్టిన అద్దెలో ఎంత భాగం అందులో తగ్గుతుంది, గడువు ముగిసిన రోజున బ్యాటరీ ఎవరిది. ఈ సమాధానాలు నోటిమాటగా కాకుండా కాగితం మీద లేకపోతే సంతకం పెట్టకండి. కారు అప్పుకు ఒక సంస్థ, బ్యాటరీకి ఇంకో సంస్థ ఉంటే, అమ్మే రోజున బాకీ లేదన్న పత్రాలు రెండు చోట్లా తెచ్చుకోవాల్సి ఉంటుంది.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది పట్టించుకోరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీల్లోకి వచ్చినప్పుడు వేల బండ్లు నీళ్లలో మునిగాయి. వరద నష్టం మామూలుగా కంపెనీ వారంటీలోకి రాదు, ఇన్సూరెన్సే దిక్కు. పాలసీలో బండి విలువను 9.99 లక్షల మీద వేశారా, 13.50 లక్షల మీద వేశారా? మొదటిదైతే బ్యాటరీకి బీమా లేనట్టే. రెండోదైతే క్లెయిమ్ సొమ్ములో బ్యాటరీ వాటా ఎవరి ఖాతాలో పడుతుందో, అది అద్దె సంస్థకు రావలసిన బాకీ కంటే తక్కువైతే మిగతాది ఎవరు కడతారో తేలాలి. బ్యాటరీ సొంతమైతే ఈ ప్రశ్న పుట్టదు.

అద్దెకు తీసుకున్నా, కొనుక్కున్నా బ్యాటరీ ఎంత మిగిలిందో ఇంట్లోనే ఒక మాదిరిగా తెలుసుకోవచ్చు. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే ముందు ఒకసారి నూరు శాతం దాకా నింపండి. ఈ రకంలో అలా అప్పుడప్పుడు నింపకపోతే తెర మీద శాతం తప్పు చూపిస్తుంది. తర్వాత ఇరవై శాతం దాకా వాడి, చార్జర్‌కు విడిగా మీటరు ఉంటే దాని రీడింగ్ రాసుకుని, ఎనభై శాతం దాకా చార్జ్ చేయండి. 38 యూనిట్ల కొత్త బ్యాటరీలో ఆ అరవై శాతానికి 23 యూనిట్లు కావాలి. దారిలో పోయేదానితో కలిపి మీటరు 25 దాకా చూపిస్తుంది. సామర్థ్యం ఎనభై శాతానికి తగ్గిన బ్యాటరీకి 20 యూనిట్లతోనే ఆ పని అయిపోతుంది. బండి కొత్తగా ఉన్నప్పుడు ఒకసారి, తర్వాత ఏటా అదే నెలలో ఒకసారి ఈ అంకె రాసిపెట్టుకోండి. మార్చి ఇస్తామన్న హామీ 70 శాతం దగ్గరా, 80 దగ్గరా అన్నది ఒప్పందంలో ఉంటుంది. విడా స్కూటర్ పథకంలో అది 70 శాతం. కానీ కొలిచేది కంపెనీ సర్వీస్ సెంటరే. మీ డైరీలో నాలుగేళ్ల అంకెలు ఉంటే, "అంతా బాగానే ఉంది సార్" అన్న ఒక్క మాటతో మిమ్మల్ని వెనక్కి పంపడం వాళ్లకు అంత తేలిక కాదు.